సి-7 కాలమ్: ఒక పాత భవనం భద్రతా తనిఖీ నివేదికతో మా పని డైరీ

నివేదిక చేతికి వచ్చిన రోజు

మా భవనం వయసు 38 ఏళ్లు. కింద వాహనాలు నిలిపే స్టిల్ట్ అంతస్తు, దానిపై మూడు అంతస్తుల ఇళ్లు, పైన నీళ్ల ట్యాంకు ఉన్న డాబా. నిర్మాణ భద్రతా తనిఖీ నివేదిక ఈ రోజు వచ్చింది. నేను చాలా కాలం కట్టడాల సైట్లలో పర్యవేక్షణ పని చేసినందువల్ల, దీన్ని చదివి ఏం చేయాలో చెప్పే బాధ్యతను నివాసుల సంఘం నాకు అప్పగించింది. నేను డిజైన్ ఇంజినీరును కాను. అందువల్ల ఇందులో నేను చేయగలిగినవి రెండే: నివేదికలోని అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడడం, పొసగని చోట తనిఖీ చేసిన ఇంజినీరు గారిని ప్రశ్నించడం.

మొదటి పేజీలోని సారాంశం చూసి సంఘం సభ్యులు ఊపిరి పీల్చుకున్నారు. 1 అంటే బాగున్నది, 5 అంటే వెంటనే ఖాళీ చేయవలసినది అన్న లెక్కలో మొత్తం భవనానికి 2.6 రేటింగు వచ్చింది. పక్కనే "మధ్యస్థం, ఆరు నెలల్లోగా మరమ్మతులు చేయించవలెను" అని ఉంది. ఆ 2.6 ఎలా వచ్చిందో చూద్దామని అనుబంధాలకు వెళ్లాను. ప్రతి కాలమ్‌కూ, బీముకూ, స్లాబు భాగానికీ విడివిడిగా రేటింగు ఇచ్చి, అన్నిటినీ కలిపి సగటు తీశారు. ఆ వరుసలో సి-7 అనే కాలమ్‌కు 4 పడింది. యాభైకి పైగా భాగాలున్న పట్టికలో ఒక్క 4 సగటును కదిలించలేదు. కానీ సి-7 స్టిల్ట్ అంతస్తులోని కాలమ్. స్లాబులో ఒక మూల పెచ్చులూడితే నష్టం ఆ గదికి పరిమితం కావచ్చు. కింది కాలమ్ కుంగితే దానిమీద ఆనుకున్న అంతస్తులన్నీ దానితో పాటు కదులుతాయి. కాలమ్‌నూ, బాల్కనీ సజ్జానూ సమానంగా లెక్కించే సగటుతో అత్యవసరాన్ని నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. సారాంశాన్ని పక్కన పెట్టి, ఈ ఒక్క కాలమ్ గురించి నివేదికలో ఎక్కడెక్కడ ఏముందో ఏరి ఒక కాగితం మీదకు చేర్చడంతో పని మొదలుపెట్టాను.

పరిశీలనల పట్టికతో స్టిల్ట్‌లోకి

పరిశీలనల పట్టికలో సి-7 గురించి ఉన్నది ఒక్క వాక్యం: "ఉత్తర ముఖంపై నిలువు పగులు, తుప్పు మరకలు, తట్టినప్పుడు డొల్ల శబ్దం." టార్చిలైటు, చిన్న సుత్తి, సుద్దముక్క, పగుళ్ల వెడల్పు కొలిచే పారదర్శక కార్డు తీసుకుని కిందికి వెళ్లాను.

పట్టికలోని పగుళ్లలో సగానికి పైగా ప్లాస్టరింగ్‌వే. గోడల మీద సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు, ఇటుక గోడ బీమును తాకే చోట అడ్డంగా సాగిన గీతలు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బయలుదేరినవి ఈ కోవకు చెందుతాయి. వీటి సంఖ్యను చూసి బెదరనక్కర లేదు. నిర్ధారించుకోవాలంటే అరచేతి వెడల్పున ప్లాస్టరు ఒలిచి, పగులు లోపలి కాంక్రీటులోకి సాగిందా, ప్లాస్టరుతోనే ఆగిందా అని చూడాలి. నివేదిక రాసినవారు కొన్ని చోట్ల ఈ పని చేసి ఫొటోలు జతపరిచారు; దానికి వారిని మెచ్చుకోవాలి.

సి-7 మీది పగులు తీరు వేరు. అది కాలమ్ మూలకు రెండు మూడు అంగుళాల లోపల, నేల నుంచి ఛాతీ ఎత్తు వరకు దాదాపు తాడు పట్టినట్టు నిటారుగా ఉంది. అడుగున వెడల్పు 1.5 మిల్లీమీటర్లు, పైకి పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. పగులు అంచుల్లో ఇటుకరంగు మరక ఉంది. నిలువు కడ్డీ ఎక్కడుంటుందో పగులు సరిగ్గా అక్కడే ఉండడం, దాని నుంచి తుప్పు నీరు కారడం, ఈ రెండూ కలిస్తే కారణం గురించి ఊహాగానం పెద్దగా అక్కర్లేదు. తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కడ్డీని కప్పిన కాంక్రీటు కడ్డీ పొడవునా చీలి, చివరికి పలకలా విడివడుతుంది. సుత్తితో తడుతూ డొల్లగా మోగిన చోట్ల సుద్దతో గీత గీస్తే, ఉత్తర ముఖంలో నడుము ఎత్తు వరకు దాదాపు మొత్తం ఆ గీత లోపలికే వచ్చింది. పక్కనున్న సి-8 మీద అదే సుత్తి గట్టిగా, టంగుమని మోగింది.

నివేదికలో ఎక్కడా లేని విషయం ఒకటి అక్కడ నిలబడ్డాక కనిపించింది. సి-7 ఉత్తర ముఖం స్నానాల గదుల పైపులు దిగే డక్టు వైపు ఉంది. పైపు అతుకు దగ్గర పచ్చగా పాచి పట్టి, కాలమ్ అడుగు చెమ్మగా ఉంది. డక్టులోని లీకును నివేదిక "నీటి కారుదలలు" అనే వేరే అధ్యాయంలో, పారిశుద్ధ్య లోపంగా, తక్కువ ప్రాధాన్యంతో నమోదు చేసింది. రెండు అధ్యాయాలూ ఒకే చోటు గురించి మాట్లాడుతున్నాయని తెలియాలంటే అంతస్తు ప్లాను మీద రెండింటినీ గుర్తించి చూడవలసిందే.

పరీక్షల అంకెలు

ఈ రోజంతా పరీక్షల అనుబంధంతోనే గడిచింది. సి-7, సి-8 ఒకే కాలంలో, ఒకే ఎం15 మిశ్రమంతో, అంటే చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్ల బలం ఉండాల్సిన కాంక్రీటుతో పోసినవని పాత డ్రాయింగులో ఉంది కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి చదివాను.

సంఘంలో ఒకరు నాకు ముందుగా చూపించినది రీబౌండ్ హామర్ ఫలితం. సి-7లో పై భాగంలోని గట్టి చోట తీసిన రీడింగుల ప్రకారం కాంక్రీటు బలం చదరపు మిల్లీమీటరుకు 31 న్యూటన్లు. "15 ఉండాల్సిన చోట 31 ఉందంటే కాలమ్ రెండింతలు బలంగా ఉన్నట్టే కదండీ" అని ఆయన అడిగారు. ఈ హామర్ కొలిచేది పైపొర గట్టిదనాన్ని మాత్రమే. ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చొరబడి సున్నాన్ని కార్బనేట్‌గా మారుస్తుంది. ఆ క్రమంలో పైపొర గట్టిపడుతుంది. అందువల్ల పాత కాంక్రీటు మీద హామర్ ఎక్కువ బలం చూపించడం మామూలే. ఈ అంకెను నమ్మాలంటే కోర్ పరీక్షతో, అంటే కాంక్రీటు నుంచి కోసి తీసిన గుండ్రటి ముక్కను నలిపి చూసే పరీక్షతో సరిచూడాలి. సి-7 అసలే బలహీనంగా ఉన్నందున దానికి రంధ్రం చేయకుండా సి-8 నుంచి మూడు కోర్లు తీశారు. అది సరైన నిర్ణయం. వాటి బలం ఘనపు నమూనాకు సరిపోల్చి లెక్కిస్తే 13.1, 14.4, 12.6 వచ్చింది. సగటు 13.4. కోర్లకు సాధారణంగా వాడే నియమం ఏమిటంటే మూడింటి సగటు నిర్దేశిత బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. 15కు 85 శాతం అంటే 12.75, 75 శాతం అంటే 11.25. సగటు మొదటి గీతనూ, మూడు కోర్లూ రెండో గీతనూ దాటాయి. అంటే కాంక్రీటు 31 అన్నంత గొప్పగానూ లేదు, భయపడేంత నాసిగానూ లేదు. ఆనాడు అనుకున్న బలానికి దగ్గరగా ఉంది.

శబ్ద తరంగాల వేగం సి-8లో సెకనుకు 3.6 కిలోమీటర్లు, సి-7 ఉత్తర ముఖం గుండా 2.7 కిలోమీటర్లు. నివేదిక వాడిన పట్టికలో 3.5కు పైన ఉంటే "బాగు", 3.0కు దిగువన ఉంటే "సందేహాస్పదం". ఒకే మిశ్రమంతో పోసిన పక్కపక్క కాలమ్‌లలో ఇంత తేడా మిశ్రమం వల్ల రాదు. లోపల పగులు గానీ, పొర విడివడిన ఖాళీ గానీ ఉంటే తరంగం చుట్టూ తిరిగి రావలసి వచ్చి వేగం తగ్గుతుంది. సుత్తి డొల్లగా మోగిన ముఖం ఇదే కావడంతో రెండూ ఒకే మాట చెబుతున్నాయని తీసుకున్నాను.

కార్బనేషన్ లోతు అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది. తాజాగా తెరిచిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం మిగిలిన భాగం గులాబీరంగుకు తిరుగుతుంది. కార్బనేట్ అయిన భాగం రంగు మారదు. సి-7లో రంగు మారని లోతు 42 మిల్లీమీటర్లు, కడ్డీలను కప్పిన కాంక్రీటు మందం, అంటే కవరు, 25 మిల్లీమీటర్లు. అంటే కడ్డీలను తుప్పు నుంచి కాపాడే క్షారపు రక్షణ కవరు మందాన్ని దాటి ఇంకో 17 మిల్లీమీటర్ల లోపలి దాకా నశించింది. ఈ లోతు కాలపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుందన్న స్థూల సూత్రం ప్రకారం 42ను 38 వర్గమూలంతో, అంటే 6.16తో భాగిస్తే 6.8 వస్తుంది. 25ను 6.8తో భాగించి వర్గం చేస్తే పదమూడున్నర. కట్టిన పద్నాలుగో ఏటికే ఈ కాలమ్ కడ్డీలకు రక్షణ పోయిందన్నమాట. ఏళ్ల మధ్య తేమ, రంగులు, ప్లాస్టరు మారుతుంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపే.

అయితే సి-8లోనూ కార్బనేషన్ 36 మిల్లీమీటర్లు ఉంది, అక్కడా కడ్డీలను దాటింది. మరి దానికి పగులు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు హాఫ్ సెల్ పొటెన్షియల్ పట్టికలో, అంటే కడ్డీల విద్యుత్ పొటెన్షియల్ కొలిచి తుప్పు అవకాశాన్ని అంచనా వేసే పరీక్షలో దొరికింది. సి-8లో రీడింగు మైనస్ 180 మిల్లీవోల్టులు, సి-7లో మైనస్ 420. ఏఎస్‌టీఎం సి876 ప్రమాణం ప్రకారం రాగి–రాగి సల్ఫేట్ ఎలక్ట్రోడుతో మైనస్ 200 కన్నా తక్కువ రుణాత్మకంగా ఉంటే తుప్పు పట్టడం లేదనడానికి 90 శాతానికి పైగా అవకాశం; మైనస్ 350 దాటితే తుప్పు పడుతోందనడానికి 90 శాతానికి పైగా అవకాశం; మధ్యలో ఏమీ తేల్చలేం. ఇది అవకాశాన్ని చెబుతుందే తప్ప తుప్పు వేగాన్నీ, ఇప్పటికే పోయిన ఇనుమునూ చెప్పదు. పైగా పొర విడివడిన చోట ఈ రీడింగును పూర్తిగా నమ్మకూడదు. అయినా రెండు కాలమ్‌ల తేడా చూస్తే విషయం స్పష్టమే: రక్షణ రెండింటికీ పోయింది, నీళ్లు మాత్రం ఒక్కదానికే అందుతున్నాయి. పొడిగా ఉన్నంత కాలం సి-8 నెట్టుకొస్తుంది. డక్టు లీకు ఆపకుండా సి-7కు ఎంత ఖరీదైన మరమ్మతు చేసినా అది నిలవదు.

ఇంజినీరు గారికి రాసిన ఉత్తరం

ఈ పరీక్షలన్నీ కలిపి చదివితే తేలినది ఇది: కాంక్రీటు పరవాలేదు, కవరు విడిపోయింది, కడ్డీలు తుప్పు పడుతున్నాయి. ఇంకా తెలియనిది ఒక్కటే, కడ్డీ ఎంత మిగిలిందన్నది. నివేదికలో దాని కొలత లేదు. కానీ ఫొటోల అనుబంధంలో సి-7 అడుగున పెచ్చు ఊడిన చోట తీసిన చిత్రంలో, తుప్పు పొరల మధ్య ఒక రింగు తెగి వేలాడుతున్నట్టు కనిపించింది. చిత్రం కింద రాసినది మాత్రం "కవరు కాంక్రీటు ఊడిపోయినది" అని.

రింగు తెగడం చిన్న విషయం కాదు. కాలమ్‌లోని నిలువు కడ్డీలు బరువు మోస్తున్నప్పుడు పక్కకు వంగిపోకుండా పట్టి ఉంచేవి రింగులూ, చుట్టూ ఉన్న కాంక్రీటూ. ఆ రెండూ పోయిన చోట కడ్డీ మందం తగినంత మిగిలినా అది బయటికి ఉబికిపోవచ్చు. ఇలాంటి వైఫల్యం ముందుగా పెద్దగా హెచ్చరించదు. "ఆరు నెలల్లోగా" అన్న గడువు ఈ చిత్రానికి సరిపోదని నాకు అనిపించింది.

ఉత్తరంలో మూడే అడిగాను. సి-7లో ఒక చోట కవరు తెరిచి కడ్డీ మిగిలిన మందం కొలిచారా. చిత్రంలోని రింగు తెగినట్టేనా. తెగినట్టయితే రేటింగు 4 గానే ఉంచుతారా, మధ్యకాలంలో బరువు మోసే తాత్కాలిక ఆధారాలు పెట్టమంటారా. ఆరోపణలా కాకుండా పేజీ సంఖ్యలు, చిత్రం సంఖ్య, కాలమ్ గుర్తు మాత్రమే రాశాను. జవాబు రావలసినది ఊహ మీద కాదు, కొలత మీద.

కవరు తెరిచిన రోజు

ఇంజినీరు గారు ఉత్తరం అందగానే ఫోను చేసి, స్వయంగా వచ్చారు. తాను వచ్చేదాకా సి-7 మీద ఎవరూ సుత్తీ ఉలీ పెట్టవద్దని ముందే చెప్పారు. బరువు మోస్తున్న కాలమ్‌ను ఆధారం లేకుండా చెక్కడం ప్రమాదమని ఆయన పట్టుదల, అది న్యాయమైనదే. అందువల్ల తెరిచినది ఉత్తర ముఖంలో అప్పటికే విడివడిన పెచ్చును మాత్రమే, అదీ అరచేయి పట్టేంత.

పెచ్చు చేత్తోనే ఊడి వచ్చింది. లోపల కడ్డీ మీది తుప్పు పొరలు పొరలుగా, గోరుతో గీస్తే రాలేలా ఉంది. వైరు బ్రష్షుతో మెరుపు వచ్చేదాకా శుభ్రం చేసి వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 16 మిల్లీమీటర్ల కడ్డీ 13.2 మిల్లీమీటర్లే మిగిలింది. తుప్పుతో సహా కొలిస్తే కడ్డీ అసలుకన్నా లావుగా కనిపిస్తుంది కాబట్టి ఈ శుభ్రం చేయడమే కీలకం. మందం తగ్గింది 2.8 మిల్లీమీటర్లే అనిపించవచ్చు; కానీ బరువు మోసేది అడ్డుకోత వైశాల్యం. 13.2ను 16తో భాగించి వర్గం చేస్తే 0.68. ఆ కడ్డీలో దాదాపు మూడో వంతు పోయింది. రింగు రెండు చోట్ల పూర్తిగా తెగింది.

ఇంజినీరు గారు కాసేపు మాట్లాడకుండా ఫొటోలు తీసి, "దీన్ని ఐదుగా మారుస్తానండీ. కానీ భవనమంతా ఖాళీ చేయమనడం లేదు. ఈ కాలమ్ చుట్టూ ఉన్న భాగానికి ముందు ఆధారం ఇవ్వాలి" అన్నారు. రేటింగు ఒక భాగానికి వర్తించినప్పుడు చర్య కూడా ఆ భాగానికే చెందుతుందన్నది సంఘం సమావేశంలో నేను చాలాసేపు వివరించవలసి వచ్చింది. కొందరు ఆ సాయంత్రమే సామాన్లు సర్దుకుంటామన్నారు; ఇంకొందరు 38 ఏళ్లు నిలిచినది ఇంకో ఆరు నెలలు నిలవదా అన్నారు.

తాత్కాలిక ఆధారాలు

ముందుగా సి-7 చుట్టూ వాహనాలు నిలపడం ఆపి, తాడు కట్టాం. డాబా మీది 5,000 లీటర్ల ట్యాంకు సి-7 ఉన్న చట్రం మీదే ఉంది. నీళ్లే ఐదు టన్నులు. అది నాలుగు కాలమ్‌ల మధ్య పంచుకునే బరువు కాబట్టి సి-7కు తగ్గేది కొద్దిగానే. కానీ ఏ పగలగొట్టుడూ లేకుండా ఆ పూటే చేయగలిగిన పని కనుక ట్యాంకు ఖాళీ చేసి, రెండో ట్యాంకు నుంచి అందరికీ వంతులవారీగా నీళ్లు ఇస్తున్నాం.

జాకీల విషయంలో మేస్త్రీ మొదట చెప్పిన పద్ధతి స్టిల్ట్‌లో కాలమ్ పక్కన నాలుగు స్టీలు జాకీలు నిలపడం. ఇంజినీరు గారు ఒప్పుకోలేదు. సి-7 అడుగుకు వచ్చే బరువు మొదటి అంతస్తుది మాత్రమే కాదు. పై అంతస్తులన్నిటి బరువూ పై కాలమ్ గుండా దిగి వస్తుంది. కింద మాత్రమే జాకీలు పెడితే ఆ మొత్తాన్ని కాలమ్ కొస దగ్గర మొదటి అంతస్తు బీములే మోసి జాకీలకు అందించాలి. వాటిని దానికోసం కట్టలేదు. ప్రతి అంతస్తులోనూ సి-7ను కలిసే బీముల కింద ఒకే నిలువు వరుసలో జాకీలు పెడితే ఏ అంతస్తు బరువు ఆ అంతస్తులోనే జాకీల మీదకు వచ్చి, వరుసగా నేలకు దిగుతుంది. దీనికి మూడు ఇళ్లలో ఒక్కో గది వాడకం లేకుండా పోయింది. ఆ ఇళ్లవారు నసిగినా, డ్రాయింగు చూపించాక ఒప్పుకున్నారు.

స్టిల్ట్ నేల పలుచని కాంక్రీటు బెడ్డు. దాని కింద మురుగు పైపు పోతున్నదని పాత ప్లానులో ఉన్నందున ఆ వరుసను తప్పించి, జాకీల కింద మందపాటి చెక్క దిమ్మెలు, వాటిపై ఇనుప పలకలు వేశారు. జాకీలను బిగించేటప్పుడు బీమును పైకి ఎత్తకూడదు, తాకి కొద్దిగా బరువు పట్టేంత వరకే తిప్పాలి. పగులుకు అడ్డంగా జిప్సం ముద్దలు పెట్టి తేదీలు రాశాం. పగులు కదిలితే అవి చిట్లుతాయి. ఇప్పటివరకు చిట్లలేదు.

డక్టు పైపును ప్లంబరు విప్పితే అతుకు వలయం ఎండి పగిలి ఉంది. ఆ నిలువు పైపు మొత్తాన్నీ మార్పించాం.

సవరించిన నివేదిక, మరమ్మతు అంశాలు

సవరించిన నివేదికలో సి-7 రేటింగు 5, మొత్తం భవనానిది ఇంకా 2.6కు దగ్గరగానే ఉంది. ఈసారి సారాంశంలో "అత్యవసర భాగాలు" అనే వేరే పట్టిక చేర్చారు.

పాత నివేదికలో సి-7కు సూచించినది "పాలిమర్ మోర్టారుతో పూత మరమ్మతు". కవరు మాత్రమే పోయిన చోట అది సరిపోతుంది. కడ్డీలో మూడో వంతు, రింగులూ పోయిన చోట అది పగులును కప్పిపెట్టడమే అవుతుంది. ఇప్పుడు జాకెటింగ్ సూచించారు: కాలమ్ చుట్టూ కొత్త కడ్డీలు, కొత్త రింగులు కట్టి మైక్రో కాంక్రీటు పోయడం. కాంట్రాక్టరు కొటేషన్లు చూసేటప్పుడు నేను ప్రధానంగా రెండు అంశాలు వెతుకుతున్నాను. మొదటిది, పాత కడ్డీ వెనక వేలు దూరేంత, అంటే 20 నుంచి 25 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేదాకా కాంక్రీటు చెక్కుతామని రాశారా అన్నది. కడ్డీ ముందువైపు మాత్రమే శుభ్రం చేసి మూసేస్తే వెనకవైపు తుప్పు అలాగే సాగుతుంది. రెండోది, కొత్త కడ్డీలు పునాది దాకా దిగుతాయా అన్నది. ఒక కొటేషన్‌లో జాకెట్ నేల మట్టం దగ్గరే ఆగింది. అలా చేస్తే కొత్త కడ్డీలు తీసుకున్న బరువు పునాదికి చేరే దారి లేక మళ్లీ పాత కాలమ్ అడుగు మీదే పడుతుంది. ఆ కొటేషన్‌ను ఇంజినీరు గారి వ్యాఖ్యతో వెనక్కి పంపాం.

ఇదే డక్టుకు అవతలి వైపున ఉన్న సి-11కు నివేదికలో రేటింగు 3, హాఫ్ సెల్ రీడింగు మైనస్ 290, అంటే ఏమీ తేల్చలేని పరిధి. పగులు లేదు, కానీ అడుగున రెండు చోట్ల సుత్తి శబ్దం మందంగా ఉంది. సి-7 చెక్కడం మొదలయ్యేలోగా సి-11 కవరు ఒక చోట తెరిచి కడ్డీ మందం కొలవాలని ఇంజినీరు గారితో ఖాయం చేసుకున్నాం. పైపు మార్చిన తర్వాత గోడ ఆరాక హాఫ్ సెల్ రీడింగులు మళ్లీ తీయిస్తాం. సి-11లో కూడా ఇనుము తగ్గి ఉంటే జాకీల డ్రాయింగు మార్చాలి. అప్పటిదాకా రెండు కాలమ్‌ల మధ్య వాహనాలు నిలపడం లేదు.